తమరికి వీలున్నప్పుడు

ఆఫీసులో అందరూ ఆమెను డైరీ అక్క అంటారు. పెద్ద సారు గది బయట, గాజు తలుపు పక్కన, ఇరవై రెండేళ్లుగా అదే బల్ల, అదే పి.ఎ. ఉద్యోగం. బల్ల మీద రెండు ఫోన్లు, రబ్బరు బ్యాండు వేసిన నల్ల డైరీ. ఎవరు ఎవరిని ఎప్పుడు కలవాలో ఆ డైరీలోనే తేలుతుంది.

పక్కాఫీసు పి.ఎ.తో మాట్లాడేటప్పుడు ఆమె నోటికి తలుపులుండవు. "ఏం తల్లీ, బతికే ఉన్నావా? బుధవారం పదకొండుకి మీ సారుని ఇటు తోలు" అంటుంది. అవతలి నుంచి "పదకొండుకి కుదరదే, పన్నెండుకి పంపిస్తాలే" అని వస్తుంది. అర నిమిషంలో పని అయిపోతుంది. అదే పైఅధికారి అయితే ముందు కుర్చీలో నిటారుగా కూర్చుంటుంది. ఫోన్లోనే కదా, ఎవరు చూస్తారు? అయినా కూర్చుంటుంది. "నమస్కారం సార్. తమరికి ఎప్పుడు వీలవుతుందో సెలవిస్తే, మావాళ్లు ఆ టైముకి వచ్చి కలుస్తారు" అంటుంది. పైవాళ్లకి మనం టైము చెప్పకూడదు, వాళ్ల టైము అడగాలి. "త్వరగా" అనకూడదు. పైఅధికారి లైన్లోకి రాకముందే కిందివాడు లైన్లో సిద్ధంగా ఉండాలి. కొత్తగా చేరిన పిల్లలకి ఇవన్నీ ఆమే నేర్పింది. "నోరు మంచిదైతే ఊరు మంచిదర్రా" అనేది.

ఆ నోరే ఒక మనిషి కొంప ముంచుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

ఆ మనిషి రికార్డు రూము అటెండరు. ఆఫీసంతటికీ బాబాయ్. ఇంకో రెండేళ్లలో రిటైరు కావలసినవాడు. ఒక ఫైలు పోయిందని నేరం మోపి, ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. తీరా చూస్తే ఆ ఫైలు పక్క బీరువాలోనే, పాత హాజరు పట్టీల కింద దొరికింది. దొరికితే సరిపోయిందా? ఉత్తర్వు రద్దు చేయాలంటే పెద్దాఫీసు డైరెక్టరు ఇక్కడికొచ్చి ఆయన మాట స్వయంగా వినాలి. శుక్రవారం సాయంత్రంలోగా వినకపోతే ఉత్తర్వు ఖాయమైపోతుంది. ఆ తర్వాత డైరెక్టరే అనుకున్నా రద్దు చేయలేడు.

ఆమె సోమవారం పొద్దున్నే డైరెక్టరు పి.ఎ.కి ఫోన్ చేసింది.

"అమ్మా తల్లీ, ఈ వారంలో ఒక్క పావుగంట దొంగిలించి పెట్టవే. ముసలాయన బతుకు దీనిమీదే ఉంది."

"నా చేతిలో ఉంటే ఇప్పుడే రాసేసేదాన్ని అక్కా. ఇలాంటివాటికి టైము సారే ఇస్తారు. నువ్వే అడగరాదూ? మీరిద్దరూ ఒకే రోజు చేరారటగా!"

నిజమే, ఒకే రోజు చేరారు. ఇరవై రెండేళ్ల కిందట ఆ డైరెక్టరు ఆమె పక్క బల్ల గుమాస్తా. ప్రతిదానికీ గాభరా పడేవాడని అతనికి కంగారు అని పేరు పెట్టింది ఆమే. "ఒరేయ్ కంగారూ, మీటింగు మూడింటికి, మర్చిపోయావంటే చంపేస్తా" అంటే, "వస్తున్నానక్కా, అరవకు!" అంటూ పరిగెత్తుకొచ్చేవాడు. పరీక్షలు రాసి, మెట్లెక్కి, చివరికి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

అతను డైరెక్టరై మొదటిసారి ఈ ఆఫీసుకి వచ్చినప్పుడు ఆమె సంతోషం పట్టలేకపోయింది. హాలు నిండా జనం ఉన్నారన్నది మరిచి, "ఏరా కంగారూ, ఎంతవాడివయ్యావురా!" అనేసింది. ఎవరో కిసుక్కున నవ్వారు. అతను నవ్వలేదు. ఆమెను దాటుకుని ముందుకి వెళ్లి, పెద్ద సారుతో చేయి కలిపాడు. ఆ రోజు ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆనాటి నుంచీ అతను ఆమెకు "సార్". అతనూ వద్దనలేదు.

ఇప్పుడు సెల్‌ఫోన్ చేతిలో పట్టుకుని ఆమె ముందు ఇలా రాసింది: "ఒరేయ్ కంగారూ, శుక్రవారం దాటితే బాబాయ్ రోడ్డున పడతాడు. నీకెన్ని పనులున్నా గురువారం పదింటికి కూర్చో." చదువుకుంది. హాల్లో వినిపించిన ఆ నవ్వు మళ్లీ చెవిలో పడింది. మొత్తం చెరిపేసి, మళ్లీ రాసింది:

"గౌరవనీయులైన సార్‌కి నమస్కారములు. రికార్డు రూము అటెండరు అప్పీలు తమ పరిశీలనలో ఉన్నది. గడువు సమీపిస్తున్నందున, తమరికి వీలున్నప్పుడు విచారణకు సమయం దయచేయగలరని ప్రార్థన."

ఎక్కడా వంక పెట్టలేని ఉత్తరం. శుక్రవారం అన్న ఒక్క మాట లేదు, అంతే. పైవాళ్లకి రోజు మనం చెప్పకూడదు కదా! తేదీ ఫైల్లో ఉంది, చూసుకుంటాడులే అనుకుంది.

సాయంత్రానికి జవాబు వచ్చింది: "సరే. వచ్చే సోమవారం, 11 గంటలకు."

ఆమె మళ్లీ చదివింది. సోమవారమా! "సోమవారం కాదు సార్" అని రాయబోయింది. పైఅధికారి ఇచ్చిన టైముని కాదనడమా? మంగళవారమంతా ఆలోచించింది. బుధవారం ధైర్యం చేసి, "ఇంకా ముందుగా వీలుపడుతుందేమో తమరు ఆలోచించగలరు" అని రాసింది. జవాబు లేదు. గురువారం ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నారన్నారు. "అర్జెంటా అక్కా? చీటీ పంపనా లోపలికి?" అని అడిగింది ఆ పి.ఎ. "పర్లేదులే, సార్‌ని ఇబ్బంది పెట్టకు" అంది డైరీ అక్క. ఆ మాట తన నోటి నుంచే వచ్చింది. ఇప్పటికీ ఆమెకు దాన్ని తలుచుకుంటే తన చెంప తానే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

శుక్రవారం వచ్చింది, వెళ్లిపోయింది.

సోమవారం పదకొండుకి ఐదు నిమిషాల ముందే డైరెక్టరు వచ్చాడు. పెద్ద సారు గదిలో ఫైలు తెరిచాడు. రెండు కాగితాలు తిప్పి, ఆమెను లోపలికి పిలిచాడు. పెద్ద సారుని ఒక్క నిమిషం బయట ఉండమన్నాడు.

"గడువు శుక్రవారంతో అయిపోయిందిగా! చెప్పలేదేం?"

"గడువు సమీపిస్తున్నదని రాశాను సార్."

"రోజుకి నలభై వస్తాయి అలాంటివి. అందరికీ గడువు సమీపిస్తూనే ఉంటుంది. తమరికి వీలున్నప్పుడు అన్నావు, నాకు వీలున్నప్పుడు వచ్చాను." అతని గొంతు తగ్గింది. "నీకు నిజంగా కొంప మునిగే పనైతే తిడతావుగా అక్కా. తిట్టలేదు కాబట్టి మామూలుదే అనుకున్నా."

ఇన్నేళ్ల తర్వాత అక్కా అన్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది, దాంతోపాటే ఒళ్లు మండిపోయింది.

"తిట్టేదాన్నే. నువ్వే ఆ రోజు హాల్లో మొహం తిప్పుకుని వెళ్లిపోయావు."

అతను తల దించుకుని ఫైలు మూశాడు. చేతులు కాలాక ఇద్దరూ ఆకులు పట్టుకున్నారు.

"ఇప్పుడేం చేయలేమా?"

"లేదక్కా. నా చేయి దాటిపోయింది."

బయట బెంచీ మీద బాబాయ్ కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, దొరికిన ఫైలు జిరాక్సు చేతిలో పట్టుకున్నాడు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు.

"సారు పిలుస్తున్నారా అమ్మా? రమ్మంటావా?"

ఇన్నేళ్లుగా ఆమె ఆయన్ని "ఏం బాబాయ్, టీ తాగావా?" అని తప్ప ఇంకోలా పలకరించలేదు. ఇప్పుడు ఎంత వెతికినా ఆ పిలుపు నోటికి రాలేదు.

"నమస్కారమండీ" అంది. "మీరు ముందు కూర్చోండి."

బాబాయ్ ఆమె మొహంలోకి చూశాడు. జిరాక్సు కాగితాన్ని నెమ్మదిగా నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకున్నాడు.

"అయిపోయిందా అమ్మా?" అన్నాడు.