నా పోస్టుతో మావాడికి అంటిన కల్లు

ఆ రోజుల్లో స్నేహితుడికి పుట్టినరోజు పోస్టు పెట్టడమంటే కడపలో నెట్ సెంటరుకు పోయి, అరిగిపోయిన కీబోర్డు మీద తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడమే. వాడి పేజీలో మనం రాసింది ఊరందరూ చదవొచ్చు. నాకు కావలసిందీ అదే (పదిమంది నవ్వకపోతే స్నేహితుణ్ణి ఏడిపించి ఏం లాభం?). మావాడు ఆరో తరగతి నుంచి నా పక్కన కూర్చున్న సోడాబుడ్డి అద్దాలవాడు. ఆ అద్దాల్ని మేమిద్దరం ‘కళ్లు’ అనేవాళ్లం. అందుకే గంటసేపు కూర్చుని, ప్రేమంతా కుమ్మరించి ఇలా రాశాను: ‘మావాడికి పొద్దున లేస్తానే కళ్లు కావాల. కళ్లు లేకుండా ఒక్కరోజూ బడికి రాలేదు. ఒకసారి కళ్లు దొరక్క, బర్రెను చూసి లెక్కల సారనుకుని దండం పెట్టినాడు. అయినా వాడంటే నాకు పానం.’

ఇంగ్లీషు అక్షరాల్లో కళ్లయినా కల్లయినా ఒకటేనని నాకు తట్టలేదు. రాజంపేటలో వాడికి ఖాయం కాబోతున్న సంబంధం వాళ్లకు మాత్రం కల్లే తట్టింది. పెళ్లికూతురి అన్న ఆ పోస్టును ప్రింటు తీయించి ఇంట్లో అందరికీ చదివి వినిపించాడట. నేను పరుగున పోయి పోస్టు చెరిపేశాను గానీ, కాగితాన్ని చెరపలేను కదా. మావాడు తిట్టలేదు, అందుకే భయమేసింది. “ఆ పిల్ల నాకు శానా నచ్చిందిరా. నువ్వే చెడగొడితివి, నువ్వే సరిచెయ్యి” అన్నాడు.

మరునాడే ఇద్దరం రాజంపేట బస్సెక్కాం. పిల్ల తండ్రి నా సంజాయిషీ అంతా విని, “అద్దాలను కళ్లని ఎవరంటారప్పా?” అన్నాడు. పిల్ల అన్న జేబులోంచి కాగితం తీసి, “కల్లు లేనప్పుడే బర్రెకు దండం పెట్టినోడు, తాగితే ఏం చేస్తాడో” అన్నాడు. మావాడు నెమ్మదిగా అద్దాలు తీసి నా చేతిలో పెట్టి లేచాడు. గోడకు తగిలించిన చొక్కా ముందు నిలబడి, రెండు చేతులూ జోడించి, “పోయొస్తాం మామా” అన్నాడు.

లోపలి గదిలో ఆ అమ్మాయి పకపకా నవ్వింది. పిల్ల తండ్రి ఆ నవ్వు విని, “కూర్చోండప్పా, కాఫీ తాగిపోదురు” అన్నాడు.

ఆ రోజు వాడికి నిజంగానే కనబడలేదో, నటించాడో నాకిప్పటికీ చెప్పడు. ఇప్పుడు ఫోనులో తెలుగు అక్షరాలున్నాయి. అయినా ఏటా పుట్టినరోజు పోస్టు రాసి, పెట్టేముందు వాళ్లావిడకు (ఆ రోజు లోపలి గదిలో నవ్విన పిల్లే) ఫోను చేసి చదివి వినిపిస్తాను. “బాగానే ఉండాదన్నా, కానీ తిట్లు తక్కువైనాయి” అంటుంది. నిజమే. ఎవరేమనుకుంటారోనని తడుముకోకుండా స్నేహితుణ్ణి ఏడిపించిన ఆనాటి నన్ను, ఆ తెలివితక్కువవాణ్ణి తలుచుకుంటే, ఈ మధ్య నాకు వాడి మీద కొంచెం అసూయగా ఉంటోంది.