గేటు గడియ చప్పుడు

సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో ఇళ్ల గుమ్మాలకు కెమెరాలు బిగించడం కృపాకర్ పని. పరీక్షించడానికి ప్రతి గుమ్మం కెమెరానూ ముందు తన ఫోన్‌కు కలుపుకునేవాడు. పనయ్యాక తీసేసేవాడు. తీసేసినప్పుడల్లా ఫోన్ కొంచెం చల్లబడినట్టు ఉండేది. మిర్యాలగూడలో రైస్ మిల్లు వెనక అతని గది తలుపు తట్టేవాళ్లు ఎవరూ లేరు.

కోదాడలో సాయమ్మ టీచర్ ఇంటికి వెళ్లింది ఒక శుక్రవారం. జ్వరం వచ్చి తగ్గాక ఆమెకు వినికిడి పోయింది. పెదవుల కదలిక చూసి మాట అర్థం చేసుకుంటుంది. దామరచర్లలో ఉండే చెల్లెలు నాగరాణితో అంతకుముందే మాటల్లేవు. ఆ మధ్య నాగరాణి తనంతట తానే వచ్చి, గేటు దగ్గర నిలబడి, లోపల అక్క నీడ కదలడం చూసి, తలుపు తియ్యలేదని వెళ్లిపోయింది. చెవుడు వచ్చిందంటే సాకు అంది. చివరికి పక్కింటి గీత బతిమాలితే, ఆదివారం వేరే పనిమీద ఇటు పోతూ ఇంకొక్కసారి ఆగుతానని కబురు పెట్టింది.

"ఈసారి కూడా ఎల్లిపోతే ఇంక రాదు బాబూ," అంది సాయమ్మ. "దానిది మా నాన్న మొండితనం. నాది అమ్మది. అది ఇంకా ఎక్కువ."

తలుపు పక్కన పాత కాలింగ్ బెల్ ఉంది. దాని వైరులో ఇంటి కరెంటు నేరుగా వస్తుంది. నొక్కినవాళ్ల ముఖాన్ని ఫోన్‌కు పంపే వీడియో బెల్లుకు అంత వోల్టేజీ పెడితే మాడిపోతుంది. కృపాకర్ మెయిన్ ఆపి, మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి కరెంటు తగ్గించాడు. వచ్చినవాళ్ల ముఖం కనపడేలా ఛాతీ ఎత్తున బెల్లు బిగించి, మెయిన్ వేసి నొక్కాడు. సాయమ్మ నడుమున దోపుకున్న ఫోన్ ఎంతకీ వణకలేదు. వణికేసరికి అతను మెట్లు దిగి వచ్చేశాడు కూడా.

వైఫై పెట్టె వెనక గదిలో, ఇనప బీరువా చాటున నేలమీద ఉంది. ఇనుమూ, రెండు గోడలూ దాటి సిగ్నల్ గుమ్మానికి చేరేసరికి ఊపిరి అయిపోతోంది. దాన్ని ముందు గదిలోకి తెచ్చి ఎత్తుగా అటక మీద పెట్టాడు. ఇప్పుడు బెల్లు నొక్కగానే ఫోన్ వణికింది. తెరమీద అతని ముఖం చూసి సాయమ్మ నవ్వింది.

రోడ్డుమీద సిమెంటు లారీ పోయినప్పుడల్లా కూడా ఫోన్ వణుకుతోంది. పాపం, సాయమ్మ పదేపదే వీధిలోకి చూస్తోంది. అందుకని కెమెరా మెట్ల వరకే గమనించేలా హద్దు గీశాడు. లారీల గోల పోయింది. పని ఖతం అనుకుని సంచి సర్దుకున్నాడు.

అతను బండి తీస్తుంటే గీత కూర గిన్నెతో వచ్చింది. గేటు దగ్గరే ఆగి, గడియ పట్టుకుని టకటకా ఆడించింది. బెల్లు వంక చూడనైనా లేదు. కిటికీలో సాయమ్మ బట్టలు మడత పెట్టుకుంటూనే ఉంది.

కృపాకర్ బండి ఆపాడు. "లోపలికి పోయి బెల్లు కొట్టొచ్చు కదా అక్కా?"

"పిలవకుండా గేటు తీసుకుని ఎవరెళ్తారయ్యా?" అంది గీత. "మీ మిర్యాలగూడలో అట్టా దూరిపోతారా?"

అతను గేటు వంక చూశాడు. ఆదివారం నాగరాణి చెయ్యి కూడా ఆ గడియ మీదే పడుతుంది. లారీలతో పాటు గేటును కూడా తానే కెమెరా హద్దులోంచి తీసేశాడు.

సంచి మళ్లీ విప్పాడు. వరండా స్తంభానికి, మనిషి కంటే కాస్త ఎత్తున, ఒక చిన్న కెమెరా బిగించాడు. ఇంకా పైకి పెడితే నడినెత్తి తప్ప ముఖం దొరకదు. అంత దూరానికి వైఫైని నమ్మక, పెట్టె నుంచి కేబులే లాగాడు. రోడ్డు రాకుండా కిందికి వంచి, గేటు చుట్టూ మాత్రమే హద్దు గీసి, మనిషి ఆగితేనే కబురు పంపేలా పెట్టాడు. తర్వాత బయటికి వెళ్లి గడియ ఆడించాడు.

సాయమ్మ చెంగు సర్దుకుంటూ పరుగున వచ్చింది. తెరమీద ముఖం చూసుకోలేదేమో, అతన్ని చూసి ఆమె ముఖంలో వెలుగు తగ్గింది.

"నువ్వా బాబూ."

"నేనేనమ్మా. జర సూసుకుంటున్న."

ఆ రోజు తన ఫోన్‌లోంచి ఆ గుమ్మాన్ని తీయాల్సింది. తీయలేదు. మర్చిపోయానని తనకు తాను చెప్పుకున్నాడు. శనివారమంతా ఆ గేటు ఫోన్‌లోనే ఉంది. పాలమనిషి వచ్చింది, పిల్లి గోడ దూకింది, ఎండ జరిగింది.

ఆదివారం సాయంత్రం అతను గదిలో అన్నం కలుపుకుంటుంటే ఫోన్ వణికింది. గేటు బయట ఒక స్త్రీ, సాయమ్మ ముక్కే, సాయమ్మ గడ్డమే. గడియ ఆడించింది. ఆగింది. సంచి భుజానికెత్తుకుని రోడ్డు వైపు తిరిగింది.

కృపాకర్ చేతిలో ముద్ద అలాగే ఉంది.

తెర అంచున చీర కొంగు మెదిలింది. సాయమ్మ చెప్పుల్లేకుండా వచ్చి గడియ తీసింది. ఇద్దరూ గేటుకు అటూ ఇటూ నిలబడ్డారు. సాయమ్మ తన చెవి మీద చెయ్యి పెట్టుకుని, తల అడ్డంగా ఊపింది. నాగరాణి సంచి కింద పెట్టింది.

అంతవరకే చూశాడు. ఎడమచేత్తో ఆ గుమ్మాన్ని ఫోన్‌లోంచి తీసేశాడు. గదిలో మిల్లు చప్పుడు మళ్లీ వినపడింది. లేచి వెళ్లి తన తలుపు గడియ తీసి, ఓరగా తెరిచి ఉంచి, వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు.