కోడలి కోసం పూజ వీడియో

దేవుడి గూట్లో దీపం పెట్టడం నాకు అన్నం కలుపుకున్నంత అలవాటు. అదెలా చేస్తారో కాగితం మీద రాయమనేసరికి మాత్రం మతి పోయింది. ఏది ముందు, ఏది వెనక? రాసింది కొట్టేసి, కొట్టేసింది మళ్లీ రాసి, చివరికి నా మీద నాకే కోపం వచ్చింది.

రాయాల్సిన అవసరం మా అత్త వల్ల వచ్చింది. ఆమె జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలపాటు రోజూ హనుమకొండ దవాఖానకు తీసుకుపోయి కాలు ఆడించాలన్నారు. నర్సంపేట నుంచి రోజూ తిప్పడం అయ్యే పని కాదు. నాకు బడి ఉంది, సెలవు పెడితే పదో తరగతి పిల్లల గతి ఏమిటి? హనుమకొండలో మా కొడుకు ఇల్లుంది కాబట్టి అక్కడ ఉంచుదామనుకున్నాం. కొడుకు ఉద్యోగం ఏటూరునాగారంలో, ఇంటికి వచ్చేది వారానికోసారి. ఇంట్లో ఉండేది మా కోడలే.

కోడలు నర్సు. కాథలిక్ ఇంటి పిల్ల. పెళ్లయ్యాక కూడా ఆదివారం చర్చికి పోతుంది, పొమ్మనే మేమూ అన్నాం. మా అత్త పెళ్లికి వచ్చి అక్షింతలు వేసింది గానీ ఆ పిల్ల చేతి అన్నం అప్పటికింకా తినలేదు. అడిగితే సందర్భం రాలేదంటుంది. సందర్భాలు రాకుండా చూసుకోవడం ఆమెకు బాగా వచ్చు.

దానికి తోడు ఆమెకో నియమం. ఇంట్లో పూజ అయి హారతి కళ్లకద్దుకునేదాకా మంచినీళ్లు కూడా ముట్టదు. ఇప్పుడు తాను లేచి నిలబడలేదు. "గా పిల్లకు పూజ వస్తదా? రాకపోతె నేను పస్తులుండుడేనా?" అని మంచం మీద నుంచే నన్ను నిలదీసింది. పొద్దున మందులు టిఫిను తిన్నాకే వేసుకోవాలి. పూజ సరిగ్గా జరగలేదని ఆమెకు అనిపిస్తే తినదు, తినకపోతే మందు లేదు, ఆ పాపం కోడలి నెత్తిన పడుతుంది. నా భయమంతా అదే.

సంగతి ఫోన్‌లో చెబితే కోడలు వెంటనే ఒప్పుకుంది. "నీకు ఇబ్బంది లేదు కదా బిడ్డా?" అన్నాను.

"ఇబ్బందేముంది అత్తమ్మా? మా అమ్మ కూడ పొద్దుగాల ప్రేయర్ గాకుంట చాయ్ తాగది. కాకపోతె నాకేం తెల్వది. జర చిన్న వీడియో చేసి పంపుండ్రి, డ్యూటీకెళ్లి వచ్చినంక చూస్కుంట నేర్చుకుంట."

వీడియో తీసే బాధ్యత నా బిడ్డ తీసుకుంది. డిగ్రీ చదువుతోంది, ఫోన్ దాని చేతికి ఆరో వేలు. ముందు స్క్రిప్టు రాయాలంది. మూడు నిమిషాలు దాటకూడదంది.

"మూడు నిమిషాల్లో పూజేంటే? దేవుడేమన్నా బస్సెక్కుతున్నాడా?"

"మమ్మీ, లంబా చేస్తె ఎవ్వరు చూడరు. ఏమేం గావాలె, వరుసగ ఏం జెయ్యాలె, ఏం తప్పులు చేస్తరు. గంతే."

సామాన్లు రాయడం సులువే. దీపం కుందులు, వత్తులు, నూనె, అగ్గిపెట్టె. పసుపు, కుంకుమ, గంధం. విరగని బియ్యానికి పసుపు కలిపి చేసిన అక్షింతలు. పూలు, అగరొత్తులు, కర్పూరం, హారతి పళ్లెం, గంట. నీళ్లకు చెంబు, ఉద్ధరిణె. నైవేద్యానికి అరటిపండో, బెల్లం ముక్కో. ఇంతవరకు గర్వంగానే ఉన్నాను.

వరుస దగ్గర బోల్తా పడ్డాను. స్నానం చేసి, దేవుడి చోటు తుడిచి, కుందికి బొట్టు పెట్టి, దీపం వెలిగించాలి అని రాశాను. తర్వాత ఆచమనం, సంకల్పం. పసుపు ముద్దతో గణపతిని చేసి ముందు ఆయనకు పూజ. ఆ తర్వాత అసలు దేవుడికి గంధం, పూలు, ధూపం, దీపం, నైవేద్యం. అక్కడ నా బిడ్డ ఆపింది. "దీపం మొదలే ముట్టిచ్చినం గద, మళ్ల దీపమేంది?"

నిజమే, ఏమిటి? ముప్పై ఏళ్లుగా చేస్తున్నాను, ఒక్కనాడూ ఆలోచించలేదు. మొదటిది పూజకు సాక్షిగా వెలిగించేది, రెండోది వెలుగుతున్న దీపాన్ని దేవుడికి చూపించడం అని ఆలోచించుకుని చెప్పాను. చెప్పాక నాకే అనుమానం వచ్చింది. పక్క గదిలోంచి మా అత్త, "సంకల్పం ముంగట ప్రాణాయామం యాది మర్సినవ్" అని అరిచింది. అదీ చేర్చాను. "మూడు నిమిషాలు దాటుతాంది" అని బిడ్డ పసుపు గణపతిని తీసెయ్యమంది. గణపతిని తీసేస్తే కళ్లు పోతాయి! చివరికి గణపతి ఉన్నాడు, మంత్రాలు తగ్గాయి. రానివాళ్లు దేవుడి పేరు చివర నమః అనుకుంటే చాలని రాశాను.

తప్పులు మాత్రం ధారాళంగా వచ్చాయి, ఇతరుల తప్పులు ఎప్పుడూ అంతే. దీపాన్ని ఒట్టి నేల మీద పెట్టొద్దు, కింద ఆకో పళ్లెమో ఉండాలి. అగరొత్తిని నోటితో ఊదొద్దు. నైవేద్యం రుచి చూడొద్దు. గణపతికి తులసి వెయ్యొద్దు. మొదలుపెట్టాక మధ్యలో మాట్లాడొద్దు, మాట్లాడించొద్దు. ఈ చివరిది మా ఆయన కోసం రాశాను. పూజ మధ్యలోనే ఆయనకు కళ్లద్దాలు కనబడవు.

వీడియో తియ్యడం ఇంకో తమాషా. మా దేవుడి గూడు గోడలో ఉంది. బిడ్డ మొదట నా వెనక నిలబడి తీసింది. "నీ కొప్పు తప్ప ఏం కనవడ్తలేదు" అని ఫోన్‌ని గూట్లోనే, దేవుడి పటానికి ఆనించి నా వైపు తిప్పి పెట్టింది. అంటే దేవుడు నన్ను చూసినట్టే ఫోనూ చూసిందన్నమాట. నా ముఖం, చేతులు, పళ్లెం అన్నీ బాగా వచ్చాయి. వీడియోతోపాటు రాసిందీ పంపించేశాం. కోడలు చేతులు జోడించిన బొమ్మలు తిరిగి పంపింది. వారం రోజులు ఒక్క అనుమానం కూడా అడగలేదు. తెలివైన పిల్ల అని మురిసిపోయాను.

శుక్రవారం పొద్దున్నే కారు మాట్లాడుకుని అత్తను హనుమకొండ తీసుకుపోయాం. కోడలు తలంటు పోసుకుని మమ్మల్ని ఎదురొచ్చి తీసుకుపోయింది. పీట, పటం, సామాన్లు నేను రాసిన వరుసలోనే పేర్చి ఉన్నాయి, ఆపరేషన్ గదిలో పేర్చినట్టు. మోచేతుల దాకా చేతులు కడుక్కొచ్చింది. మా అత్తను కుర్చీలో దగ్గరగా కూర్చోబెట్టాం.

దీపం వెలిగింది. బాగుంది. ఆచమనానికి ఉద్ధరిణెతో నీళ్లు తీసుకుంది. కుడిచేత్తో ఉద్ధరిణె పట్టుకుని ఎడమ అరచేతిలో పోసుకుని తాగింది.

నేను పొరబడ్డానేమో అనుకున్నాను. మళ్లీ అలాగే తాగింది, మళ్లీ. గణపతికి పసుపు, కుంకుమ ఎడమచేత్తో. అక్షింతలు ఎడమచేత్తో. ఆ పిల్ల కుడిచేతి వాటమని నాకు తెలుసు, పెళ్లిలో నా పక్కనే కూర్చుని తిన్నది. మరి ఇదేమిటి? వీళ్ల చర్చిలో ఇలా చేస్తారా? ఎవరైనా కావాలని ఇలా నేర్పించారా? ఆ చెయ్యి అలవాటు లేక తడబడుతోంది, పూలు పళ్లెంలో పడకుండా పక్కన పడుతున్నాయి, ముఖం మాత్రం ఎంతో భక్తిగా ఉంది.

ఆపుదామని నోరు తెరిచాను. మధ్యలో మాట్లాడొద్దని రాసింది నేనే. సైగ చేద్దామంటే కోడలు తల తిప్పడం లేదు, తిప్పొద్దని కూడా నేనే చెప్పానేమో గుర్తులేదు. అత్త వైపు చూడాలంటే భయం వేసింది.

హారతి వచ్చేసరికి అర్థమైంది. కుడిచేతిలో గంట, ఎడమచేతిలో పళ్లెం. పళ్లెం ఎడమ నుంచి కుడికి తిరగాల్సింది కుడి నుంచి ఎడమకు తిరుగుతోంది. ఫోన్‌లో నేను ఎదురుగా కనబడ్డాను కదా, అద్దంలో చూసినట్టు చూసి నేర్చుకుంది. నేను స్క్రిప్టులో ఏ చెయ్యో ఒక్క ముక్క రాయలేదు. తెలుగు పుట్టుక పుట్టినవాళ్లకు అదీ రాయాలా అనుకోలేదు, అసలు అనుకోనే లేదు. ఏ పిల్లయినా మామూలుగా ఎడమచెయ్యి చాపదు. ఈ పిల్లకు అనుమానం వచ్చే ఉంటుంది. అడిగితే పరాయిదాన్నని బయటపడుతుందని అడగలేదు. దేవుడి ముందర మన పద్ధతి ఇలాగే ఉంటుందని, రాని చేత్తో వారమంతా సాధన చేసింది.

కోడలు అదే చేత్తో పళ్లెం పట్టుకుని మా అత్త ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ముసలామె హారతి తీసుకోలేదు. వంగి ఆ చేతినే చూసింది.

"ఎన్నటిసంది నీకు గీ పుర్రచెయ్యి?"

కోడలి ముఖం పాలిపోయింది. పూజ మధ్యలో మాట్లాడొచ్చో లేదో తెలియక నా వైపు చూసింది. నేనూ ఆమెలాగే బిక్కముఖం వేశాను.

"భయపడకు బిడ్డా," అంది మా అత్త. "నాది గదే చెయ్యి. నిజాం జమానా గది, నాకు ఏడెనిమిదేండ్లు ఉండొచ్చు. తులసమ్మకు గీ చేత్తోటి పువ్వు వెట్టిన్నని మా నాయనమ్మ చెయ్యి ఎనకకిరిచి కట్టేసింది. పూజలు నేర్చేదాక గట్లనే కట్టేసి కూసోవెట్టిన్రు. గప్పటిసంది కుడిచేత్తోనే చేస్తాన. గిన్నేండ్ల పూజల ఒక్కనాడు మనసు నిలువలే. చెయ్యి జారుతదేమొ, ఎవలన్న చూస్తరేమొ, గదే ఫికర్."

మా పెళ్లయిన నాటి నుంచి ఆమెతో ఒకే వంటింట్లో ఉన్నాను. ఇది నాకు తెలియదు.

కోడలు పెదవులు కదిపింది. కాదు నానమ్మా, నాది కుడిచెయ్యే, వీడియో చూసి ఇలా నేర్చుకున్నానని చెప్పబోతోందని నాకు తెలుసు, అబద్ధం ఆడే పిల్ల కాదు. చెప్పనివ్వాలా, ఆపాలా? ఎడమచేత్తో పూజ తప్పే కదా, తప్పుల్లో అన్నిటికన్నా ముందు రాయాల్సిన తప్పు.

కోడలి నోట మాట రాకముందే ముసలామె హారతి కళ్లకద్దుకుంది. "తీర్థమియ్యి బిడ్డా. ఆకలైతాంది" అంది. కోడలు ఉద్ధరిణె ఎత్తింది. మా అత్త కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, కట్టేసిన నాటి తర్వాత మొదటిసారి దేవుడి ముందర ఎడమచెయ్యి చాపింది.