ఎలనిన్ అడిగిన ప్రశ్న

బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో పిల్లలు ఆవిణ్ని గొట్టం మేడమ్ అనేవారు. బర్నర్ రబ్బరు గొట్టాన్ని స్కేలుకు చుట్టి ప్రొటీన్ మెలిక చూపించేది. మంచి టీచరు, అందులో తిరుగులేదు. మంచి మనిషి అని మాత్రం నన్ను అనమనకండి. అదే ల్యాబ్‌లో పని నాది, అద్దెకుండేది ఆవిడ ఇంట్లోనే; అంతా చూశాను.

ఆవిడది తాత్కాలిక ఉద్యోగం. డాక్టరేటు లేదు. పర్మనెంటు మనిషి దొరికేదాకా ఉండమన్నారు. ఎవరూ దొరక్క ఆవిడ అక్కడే పాతుకుపోయింది. ఈసారి ఆ పోస్టుకు దరఖాస్తు పెట్టింది సొంత చెల్లెలు. డాక్టరేటు ఉంది గానీ చదివిందంతా కొవ్వుల మీద. సెలక్షన్ కమిటీ ముందు బోర్డు మీద చిన్న వ్యాసం రాసి వివరించాలి. అంశం: పెప్టైడ్ బంధం, ప్రొటీన్ల ద్వితీయ నిర్మాణం, అంటే ప్రొటీన్ గొలుసు మెలిక తిరిగే తీరు.

"నువ్వు చెప్పక్కా, చాలు. ఇంక పుస్తకం తెరవను" అంది చెల్లెలు.

అక్క వంటింటి బల్ల మీద గొట్టం పెట్టి మొదలుపెట్టింది. ఒక అమైనో ఆమ్లం కార్బాక్సిల్ గుంపు, పక్కదాని అమైనో గుంపు కలిసి ఒక నీటి అణువును వదులుతాయి. మిగిలిన కార్బన్, నైట్రోజన్ల మధ్య లంకె పెప్టైడ్ బంధం. అది సగం జంటబంధంలాంటిది, తిరగదు. అంతా సరిగ్గానే చెప్పింది. తర్వాత గొట్టాన్ని మెలి తిప్పి, "ఈ మెలికను పట్టి ఉంచేది గొలుసునుంచి పక్కకు వేలాడే పక్కగుంపుల మధ్య హైడ్రోజన్ బంధాలు" అంది. కళ్లార్పకుండా అంది. చెల్లెలు ఓడితే తన కుర్చీ తనకుంటుంది.

కమిటీ ముందు చెల్లెలు గడగడా అప్పజెప్పింది. బయటినుంచి వచ్చిన ప్రొఫెసరు నెమ్మదిగా అడిగాడు.

"అమైనో ఆమ్లాల్లో ఎలనిన్ ఉందిగా, దాని పక్కగుంపు ఏమిటమ్మా?"

"మిథైల్ సార్."

"దానికి హైడ్రోజన్ బంధం పడుతుందా?"

"పడదు సార్."

"మరి ఎలనిన్‌లు అంత చక్కగా మెలిక ఎలా తిరుగుతున్నాయి?"

చెల్లెలు బోర్డు మీద తను రాసిందే మళ్లీ చదివింది. ప్రొఫెసరు గది చివర సాయానికి కూర్చున్న అక్కవైపు తిరిగాడు. "మీరు చెప్పండి."

అక్క లేచింది. "బంధాలు గొలుసు వెన్నులోనే సార్. ఒకదాని కార్బొనిల్ ఆక్సిజన్‌కూ, నాలుగు స్థానాల అవతలి దాని ఎన్‌హెచ్‌కూ. పక్కగుంపులు బయటికే ఉంటాయి. మెలిక బదులు పరుచుకునే బీటా పలకలో అయితే పక్కపక్క పోగుల వెన్నుల మధ్య."

కమిటీ నవ్వుకుంది. అర్హులు లేరని రాసి, అక్క ఉద్యోగాన్ని పొడిగించారు. నాకు ఒళ్లు మండిపోయింది, కానీ ఏ నోటితో అడగను? చెల్లెలే అక్కను నమ్ముతుంటే.

అవును, నమ్మింది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర కళ్లు తుడుచుకుంటూ అంది.

"కంగారులో తారుమారు చేశానక్కా. నీ పరువు తీశాను. ఇంకోసారి చెప్పవూ?"

"చిన్నప్పట్నుంచీ నీకు మతిమరుపేనే" అంది అక్క. చెయ్యి కడుక్కుని గొట్టం తెచ్చింది. ఈసారి అంతా సరిగ్గా చెప్పింది.