సంతకం లేని వైపు

వీధి మలుపులో జిరాక్స్ దుకాణం మా అత్తయ్యది. ఎవరు ఏ కాగితం తెచ్చినా చదివి పెడుతుంది. డబ్బు తీసుకోదు, తిట్లు మాత్రం ఉచితం. పాతికేళ్లు కాగితాలు చదివితే మనుషుల మీద రోత పుట్టక ఏమవుతుంది?

ఆ రోజు బడిలో ఊడ్చే అమ్మాయి అప్పు కాగితాల ఫొటోలు ఫోనులో తీసుకుని వచ్చింది. జీవితంలో మొదటి అప్పు. కుట్టుమిషను కొనుక్కుని చీపురు వదిలేయాలని ఆశ. ఆధార్ కార్డు కాపీలు కూడా ఇక్కడే తీయించాలి కాబట్టి, సాయంత్రం ఫైనాన్సు కంపెనీ ఏజెంటు ఇక్కడికే వచ్చి సంతకాలు తీసుకుంటాడట.

“అరవై వేలకి నూటికి రూపాయిన్నరేనంట, అత్తా.”

అత్తయ్య ఫొటోను వేళ్లతో పెద్దది చేసింది. “ఏడాదికి పద్దెనిమిది, ఫ్లాటు. అంటే నెలనెలా అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొత్తం అరవై వేల మీదే. ఐదువేల తొమ్మిది వందలు, పన్నెండు కంతులు. ఫీజు, బీమా అని నాలుగు వేలు ముందే కోసి నీ చేతిలో పెట్టేది యాభై ఆరు.” కాలిక్యులేటర్ మీద చాలాసేపు తంటాలు పడింది. “నిజంగా పడేది నెలకి నూటికి మూడు రూపాయల ఎనభై పైసలు. దొంగ సచ్చినోళ్లు. జరిమానా సంగతేది?”

ఆ పేజీ ఫొటోల్లో లేదు. పిల్ల సంతకం చోటున్న వైపులే తీసింది.

“సంతకం లేని వైపు మనకెందుకులే అనుకున్నా.”

అత్తయ్య తల కొట్టుకుని, ఆ కంపెనీ ఆఫీసుకు పోయి వెనకవైపులన్నీ ఫొటో తీసుకురమ్మంది. అరగంటలో అవీ వచ్చాయి. కంతు కట్టాల్సింది ప్రతి నెలా మూడో తారీఖున. ఒక్క రోజు దాటినా ఐదు వందలు. కట్టిన డబ్బులోంచి ముందు జరిమానా మినహాయిస్తారు. దాంతో కంతులో ఐదు వందలు తరుగు పడుతుంది, ఆ తరుగుకు మళ్లీ జరిమానా.

“నీ జీతం ఎప్పుడు?”

“పదో తారీఖు.”

“అయితే నువ్వు మొదటి నెల నుంచే ఆలస్యం. ఇది అప్పు కాదే, బోను.”

సాయంత్రం ఏజెంటు వచ్చాడు, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, తాపీగా.

“కంతు తేదీ పన్నెండుకు మార్చండి. ఆ జరిమానా ముక్క కొట్టేయండి,” అంది అత్తయ్య.

“అచ్చు ఫారం కదండీ, అందరికీ ఒకటే.”

పిల్ల కాగితం వైపు చాలాసేపు చూసింది. “నాకొద్దండీ,” అని తన కార్డు కాపీలు వెనక్కి లాక్కుంది. రేపు పొద్దున మళ్లీ అదే చీపురు. అతనికి చీమ కుట్టినట్టయినా లేదు. సంచీలోంచి ఖాళీ ఫారం తీశాడు.

“సరేగానీ మేడమ్, పోయిన నెల లాగే ఇంకో యాభై సెట్లు తీయండి. రెండు వైపులా.”

అత్తయ్య మొహం పాలిపోయింది. పోయిన నెల ఇదే ఫారాన్ని ఒక్క ముక్క చదవకుండా, కాపీకి రూపాయి చొప్పున తీసిచ్చింది తనే.

“ఆ యాభై మంది ఎవరు?” అంది.

“అంతా ఈ వీధి వాళ్లేనండీ,” అన్నాడతను.