రెండు రోజులకు ఒక్క చార్జింగ్

అరకులో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ తెరిచినప్పుడు నన్ను పనిలోకి తీసుకున్నారు. కారణం ఒక్కటే, ఫోన్‌లో తెలుగు గబగబా కొడతాను. మా ఓనరుది కింద మైదానం. ఆయనకు కొండవాళ్లంటే జాలీ లేదు, కోపమూ లేదు, కొనేవాళ్లా కాదా అన్నదొక్కటే లెక్క. నాకు ఆయనంటే మొదటి రోజు నుంచీ పడదు. ఆయనకూ ఆ సంగతి తెలుసు. అయినా ఇద్దరం రోజూ ఒకే బల్ల దగ్గర టీ తాగేవాళ్లం.

కొత్త మోడల్ వస్తోందనగానే హెడ్డాఫీసు నుంచి మా ఆన్‌లైన్ పేజీలో పెట్టాల్సిన పోస్టుల మూట దిగింది. వారం ముందు ముసుగేసిన బండి బొమ్మ, మూడు రోజుల ముందు ఒక్క హెడ్‌లైట్, లాంచ్ రోజు పదకొండు గంటలకు పూర్తి బండి. రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చేవాళ్ల కోసం చేసిన బండట. బొమ్మ మీద పెద్దక్షరాల్లో ఒక్క చార్జింగ్‌కు నూట ఇరవై కిలోమీటర్లు, దాని పక్కన చిన్న నక్షత్రం గుర్తు, అట్టడుగున చీమంత అక్షరాల్లో ‘పరీక్షా పరిస్థితుల్లో’ అని. కింద రాయాల్సిన తెలుగు కూడా వాళ్లే పంపారు: ‘సిగ్నళ్ల దగ్గర విసుగుకు వీడ్కోలు’. మా ఊళ్లో సిగ్నల్ అంటే ఫోన్ సిగ్నలే, దానికి మేం ఎప్పుడో వీడ్కోలు చెప్పాం. చదివి ఒళ్లు మండింది.

“ఇది ఇక్కడ ఎవడికి కావాలి సార్?” అన్నాను.

“అయితే ఇక్కడోళ్లకి కావాల్సింది నువ్వే రాయి. అందుకేగా జీతం,” అన్నాడు ఓనరు.

నేనే రాశాను. ఇక్కడ రోజూ తిరిగేవాళ్లంటే టీచర్లు, నర్సమ్మలు, సచివాలయంలో పనిచేసేవాళ్లు. పొద్దున కొండెక్కుతారు, సాయంత్రం దిగుతారు. రానూపోనూ యాభై ఆరు కిలోమీటర్లు వేసుకున్నా రెండు రోజులకు నూట పన్నెండే కదా, నూట ఇరవైలో సరిపోతుందని కాగితం మీద కూడి ‘రెండు రోజులకు ఒక్క చార్జింగ్’ అని పెట్టాను. దాని కింద ‘దిగుడులో బ్యాటరీ తనంతట తానే ఎక్కుతుంది’ అన్నాను. అది అబద్ధం కాదు. దిగేటప్పుడు యాక్సిలరేటరు వదిలినా, బ్రేకు పట్టినా మోటారు వెనక్కి పనిచేసి కొంత కరెంటు బ్యాటరీకి పంపిస్తుంది. ఎక్కేటప్పుడు తాగినదానికి అది ఏ మూలకీ చాలదు, అంతే.

మా వైపు అందరికీ ఒక అలవాటుంది. దిగుడు రాగానే ఇంజను ఆపేస్తాం. పెట్రోలు మిగులుతుందని మా నాన్న ఆపేవాడు, మా అన్న ఆపుతాడు, నేనూ ఆపుతాను. బండి దానంతటదే జారిపోతుంది. ఎలక్ట్రిక్ బండికి అలా కీ ఆపేస్తే మోటారు మొద్దులా పడి ఉంటుంది, చార్జింగ్ ఒక్క గీత కూడా ఎక్కదు. బ్రేకు వేస్తే వెనక లైటు కూడా వెలగదు. ఈ సంగతి నాకు తెలుసు. లాంచ్‌కు ముందు కంపెనీ మనిషి వచ్చి మాకు బండి చూపించినప్పుడు నేనే అడిగి తెలుసుకున్నాను. మొదట రాసినప్పుడు ‘దిగుడులో కీ ఆపకండి’ అని ఒక లైను పెట్టాను కూడా.

ఓనరు చదివి, “మూడు లైన్లు దాటితే ‘మరిన్ని’ అని మడత పడిపోద్ది, ఎవడూ నొక్కడు. ఆ హెచ్చరికలు తీసెయ్. చూస్తే భయమేస్తోంది,” అన్నాడు.

తీసేశాను. వాదించలేదు. ఆ రోజు ఇంకో రెండు పోస్టులు పెట్టాల్సి ఉంది, ఆకలేస్తోంది, విసుగ్గా ఉంది. ఈ మూడిట్లో ఏదీ కారణం కాదని నాకు ఇప్పుడు తెలుసు.

మొదటి బండి కొన్నది మా ఊరి అక్క. ముంచింగిపుట్టు వైపు వెళ్లే దారిలో, పైనున్న ఆశ్రమ పాఠశాలలో కాంట్రాక్టు టీచరు. ఆదివారం ప్రార్థనలో ఇద్దరం ఒకే చాప మీద కూర్చునేవాళ్లం. బడిలో తొమ్మిదిలోపు ఫోన్ ముందు మొహం పెట్టి హాజరు వేసుకోవాలి. బస్సు ఆలస్యమై అప్పటికే రెండు మెమోలు వచ్చాయి. మూడోది వస్తే వచ్చే ఏడు కాంట్రాక్టు రాయరు. అందుకే బండి కొంది. ఆ మాట నాతో దాచకుండా చెప్పింది.

తాళం చేతికిస్తుంటే ఫోటో తీశాను. కంపెనీ బొమ్మలో ఆ ఫోటో అతికించి, దాని మీదే ఆవిడ మాటలన్నట్టుగా కొటేషన్ గుర్తులు పెట్టి నేనే రాశాను: “ఇక డ్యూటీకి లేటన్నదే లేదు. రెండు రోజులకు ఒక్క చార్జింగ్!” అప్పటికి ఆవిడ బండిని షోరూమ్ గేటు కూడా దాటించలేదు. అన్ని షోరూములూ అలాగే రాస్తాయి. సాయంత్రానికి ఆ బొమ్మ టీచర్ల వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టింది. చేతులు మారి మారి మసకేసి, అట్టడుగున ఉన్న చీమ అక్షరాలు ఎవరికీ కనబడకుండా పోయాయి.

మొదటి రోజు అక్క ఇంకో టీచరును వెనక ఎక్కించుకుని వెళ్లింది. ఇరవై ఎనిమిది కిలోమీటర్లు, దాదాపు అంతా ఎక్కుడే. సగం బ్యాటరీ పోయింది. సాయంత్రం దిగుడు వచ్చిన చోటల్లా కీ ఆపుకుంటూ దిగింది. ఇంటికి చేరేసరికి నలభై శాతం ఉంది. పోస్టులో రెండు రోజులని ఉంది కదా అని చార్జింగ్ పెట్టలేదు. రెండో రోజు పొద్దున బడి ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా బండి నీరసపడింది. బ్యాటరీ అడుగంటితే వేగం దానంతటదే తగ్గిపోతుంది. చదునులో అయితే ఎలాగో పాకుతుంది, ఎక్కుడులో ఇద్దరిని మోసుకుని అక్కడే నిలబడిపోయింది. వెనకనున్నావిడ పాల ఆటో ఎక్కి వెళ్లిపోయింది. అక్క బండిని వదల్లేక తోసుకుంటూ పోయింది. హాజరు పడేసరికి పది దాటింది.

మర్నాడు ఒక పూట సెలవు పెట్టి పొద్దున్నే షోరూముకు వచ్చింది. కూర్చోమన్నాను, కూర్చోలేదు.

“ఏటి రాసావు నువ్వు? నేనెప్పుడన్నాను ఆ మాట?”

“అది మామూలుగా అందరూ రాసేదే అక్కా.”

“అందరికీ మెమో రాలేదు, నాకొచ్చింది. బండి ఆగిపోనాది సార్ అని మా హెడ్మాస్టరుకి సెప్తే, ఫోన్ తీసి నా బొమ్మే నాకు సూపించాడు. ‘రెండ్రోజులొస్తాదని నువ్వే సెప్పావు కదమ్మా, ఇప్పుడు ఆగిపోనాదంటే ఎలాగ నమ్మేది’ అన్నాడు. నా మొహం పెట్టి నామీదే సాచ్చికం సెప్పించావు.”

నేను తప్పించుకోబోయాను. దిగేటప్పుడు కీ ఆపావా అని అడిగాను. అలా అడిగినందుకు ఇవాళ్టికీ నా మీద నాకే అసహ్యం.

“ఆపాను. నువ్వాపవా? మీ బాబు ఆపడా? ఆపకూడదని ఎక్కడ రాసావో సూపించు.”

ఓనరు లోపలి నుంచి వచ్చాడు. గొంతులో తేనె పోసుకుని, బండి ఊరికే సర్వీసు చేయిస్తాం మేడం అన్నాడు. ఆవిడ ఆయన వైపు చూడను కూడా చూడలేదు.

“ఆ మాట నేననలేదని, మీరు రాసింది తప్పని, బొమ్మ పెట్టినకాడే పెట్టండి. అది పట్టుకెళ్లి సూపిత్తాను. రేపు సాయంత్రంలోగా సంజాయిషీ ఇవ్వాలి నేను. బేగి తేల్చండి,” అని వెళ్లిపోయింది.

ఆవిడ గేటు దాటగానే ఓనరు మొహం మారిపోయింది. “పోస్టు తీసెయ్. తీసేస్తే గొడవుండదు. తప్పని రాశామంటే కంపెనీ రేపే మన బోర్డు పీకేస్తది.”

“తీసేస్తే ఆవిడకేం మిగులుతుంది సార్? బొమ్మ అన్ని గ్రూపుల్లోనూ తిరుగుతోంది. తప్పని ఒప్పుకున్న కాగితమే ఉండదు.”

“ఆవిడ మీ ఊరిదని నీకు బాధ. ఈ షోరూము నాది.”

ఈలోగా పోస్టు కింద జనం ఏకుతున్నారు. ‘రెండు రోజులు చార్జింగా, రెండు రోజులు తోయడమా’ అని ఒకడు. ‘టీచరమ్మకి ఎంత ముట్టింది’ అని ఇంకొకడు. ఓనరు నా పక్కనే నిలబడి ఒక్కొక్కటే దాచేయమన్నాడు. పదీ పన్నెండూ దాచాను. ఎంత ముట్టింది అన్నదాన్ని దాచేటప్పుడు నా వేలు ఆగింది. ఆవిడను జనం అమ్ముడుపోయిన మనిషి అంటున్నారు, అనిపిస్తున్నది నేను.

ఓనరు భోజనానికి వెళ్లాక, ఆ బొమ్మనే మళ్లీ పెట్టి కింద రాశాను. ఈ మాటలు ఈ టీచరుగారు అన్నవి కావు, షోరూమువాళ్లం రాసినవి. నూట ఇరవై అన్నది పరీక్షలో వచ్చిన లెక్క, మన ఎక్కుడులో రాదు. ఇద్దరెక్కితే ఇంకా తగ్గుతుంది. రోజూ చార్జింగ్ పెట్టుకోండి. దిగుడులో కీ ఆపకండి. పొరపాటు మాది. మూడు లైన్లు దాటింది, మడత పడింది. పడనీ అనుకున్నాను. కిందనున్న జెరాక్సు షాపులో దాన్ని ప్రింటు తీయించి, సంతకం పెట్టి, షోరూము ముద్ర వేసి అక్క ఇంట్లో ఇచ్చి వచ్చాను. ఆవిడ ఇంట్లో లేదు, వాళ్లమ్మ తీసుకుంది.

నేను తిరిగి వచ్చేసరికి పోస్టు లేదు. పేజీలోంచి నన్ను తీసేశారు. ఓనరు నా టిఫిను డబ్బా బల్ల మీదకు తోసి, “ముద్ర ఎవడబ్బదని వేశావ్?” అన్నాడు. డబ్బా తీసుకుని బయటికొచ్చేశాను. ఆయన పోస్టు తీసేశాడు కానీ, అప్పటికే దాన్ని ఎవరో ఫోటో తీసి టీచర్ల గ్రూపుల్లో పడేశారు. ఈసారి అది నాకు పనికొచ్చింది.

మెమో వెనక్కి తీసుకున్నారని ఆదివారం ప్రార్థన దగ్గర తెలిసింది. అక్క ఆ రోజు వేరే చాప మీద కూర్చుంది. అయ్యాక నేనే వెళ్లాను. మెచ్చుకుంటుందని కాదు అని చెప్పుకుంటే అది కూడా అబద్ధమే అవుతుంది. మెచ్చుకుంటుందనే వెళ్లాను. ఉద్యోగం పోయిందని చెప్పాను.

ఆవిడ చెప్పులేసుకుంటూ, “కాయితంలో పొరపాటని రాసావు. కీ సంగతి నీకు ముందు తెలవదా?” అని అడిగింది.

అబద్ధం నోటిదాకా వచ్చింది.

“తెలుసు,” అన్నాను. “రాసి, తీసేశాను.”

“అయితే పొరపాటెలాగయ్యింది? తెలిసే రాసాననీ రాయి.”

బండి తీసుకుని వెళ్లిపోయింది. తర్వాత కొన్నాళ్లు వేరే షోరూములకు పోస్టులు రాసిపెట్టాను. ఆవిడ అడిగిన వాక్యం మాత్రం రాయలేదు. ఇవాళ రాస్తున్నాను. నాకు తెలుసు, తెలిసే రాశాను.