డాక్టరుకు చెప్పని చుట్ట

మా అమ్మ చుట్టను అడ్డపొగ తాగేది. అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి, పొగ లోపలికి లాగడం. శ్రీకాకుళం వైపు ఆడవాళ్లకు అది వింత కాదు. నిప్పు లోపల ఉంటే గాలికి ఆరదు, చేతిపనిలో బూడిద రాలదు అనేవారు. మా నాన్నకు కిరందుల్ రైలు లైనులో పట్టాలు చూసే గ్యాంగ్‌మన్ ఉద్యోగం వచ్చినప్పుడు అమ్మ ఇత్తడి బిందెతోపాటు ఆ అలవాటునూ బస్తరుకు తెచ్చుకుంది. నాన్న పోయాక, ఇనుపరాయి లోడింగు యార్డులో గుమాస్తాగా ఉన్న నేను, నెలనెలా విశాఖ ప్యాసింజరులో మావాళ్లు పంపే పొగాకు కట్ట దించుకుని ఆమెకు ఇచ్చేవాణ్ణి.

ఆ రోజుల్లో నేను ఆదివారాలు యూనియన్ ఆఫీసు ముందు ఉపన్యాసాలు దంచేవాణ్ణి. క్షయ పాపఫలం కాదు, క్రిమి అని చెప్పేవాణ్ణి. తాయెత్తు కట్టే భూతవైద్యుణ్ణి, దగ్గే కోడలిని పుట్టింటికి తోలేసే అత్తను పేరుపెట్టి ఎండగట్టేవాణ్ణి. రోగాన్ని దాచడం నేరమని బల్ల గుద్దేవాణ్ణి. గని ఎర్రదుమ్ము మీద కరపత్రం కూడా రాశాను. దుమ్ము ఊపిరితిత్తులకు చేటే, ఆ మాట ఇప్పటికీ వెనక్కు తీసుకోను. కానీ ఆ కరపత్రం రాసిన బల్లకు నాలుగడుగుల దూరంలో అమ్మ గోడకానుకుని కూర్చుని చుట్ట పీల్చేది. ఆ పొగ గురించి నేనొక్క వాక్యం రాయలేదు.

అమ్మకు దగ్గు మొదలైంది. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు. జాకెట్టు వదులైంది. కఫం పరీక్షలో క్షయ అని తేలింది. గనుల ఊరి ఆసుపత్రిలో కొత్త డాక్టరు, నా కన్నా చిన్నవాడు, హిందీ మాత్రమే తెలిసినవాడు. అమ్మకు హిందీ రాదు. మధ్యలో నేను.

"బీడీ, సిగరెట్టు తాగుతారా అడగండి," అన్నాడు.

అడిగాను. అమ్మ మొహం చిట్లించింది.

"సీ, బీడీలు తాగుతానేటి? నాను తాగేది సుట్టే గదా. అడ్డపొగ. సెప్పు బాబుకి."

డాక్టరు పెన్ను పట్టుకుని చూస్తున్నాడు. వెనకాల బెంచీ మీద మా యార్డువాళ్లిద్దరు కూర్చున్నారు. మా అమ్మ నిప్పు నోట్లో పెట్టుకుంటుందని చెబితే వాళ్లు క్యాంటీనులో ఎలా నవ్వుతారో నా కళ్లకు కట్టింది.

"నహీ," అన్నాను.

డాక్టరు రాసుకున్నాడు. అంతే. ఒక్క మాట.

మందుల పెట్టె మీద అమ్మ పేరు రాశారు. వారానికి మూడు రోజులు అమ్మ వెళ్లేది, సిస్టరు ఎదురుగా నిలబడి మాత్రలన్నీ మింగించేది. ఒక్క పూటా తప్పలేదు. మూత్రం ఎర్రగా వస్తోందని అమ్మ భయపడితే, మందు రంగేనని సిస్టరు చేతిసైగలతో నచ్చజెప్పింది. మింగి ఇంటికి వచ్చాక, నోరు చేదుగా ఉందని అమ్మ చుట్ట ముట్టించేది. "పొగ తగిల్తేనే గల్ల తెగుద్దిరా," అనేది. గల్ల అంటే కఫం. పరీక్షకు కఫం పట్టే డబ్బా తెచ్చిన రోజు కూడా తెల్లారే రెండు దమ్ములు లాగి, దగ్గి, డబ్బా నింపింది. నేనే ఆ డబ్బా పట్టుకెళ్లాను. మరుసటి నెల పొగాకు కట్టా నేనే దించుకున్నాను.

రెండు నెలలు గడిచాయి. కఫంలో క్రిములు ఇంకా ఉన్నాయన్నారు. సిస్టరుకు అంతు పట్టలేదు. ప్రతి మాత్రా తన కళ్లముందే మింగింది మరి. మందుకు లొంగని రకమేమోనని పెద్ద పరీక్షకు పంపారు. కాదు, లొంగే రకమే. ఆ మధ్యలో ఒకరోజు అమ్మ గొంతు మండుతోందని చూపించింది. సిస్టరు టార్చి వేసి నోట్లోకి చూసి ఆగిపోయింది. అంగిలంతా తెల్లగా మందమై, మధ్యమధ్య ఎర్రచుక్కలు, గోధుమరంగు మచ్చలు.

"ఇది ఎలా కాలింది, అమ్మా?" అని హిందీలో అడిగింది. నేను నోరు తెరవకముందే అమ్మ చూపుడువేలు నోట్లో పెట్టుకుని, పొగ లాగుతున్నట్టు చేసి చూపించింది.

సిస్టరు డాక్టరును పిలిచింది. ఆయన కార్డు తీసి, తాను రాసుకున్న మాట చూసుకుని, మావైపు చూశాడు. అమ్మ కంగారుగా నన్ను అడిగింది:

"ఆ దినమే సెప్పినాను గదరా. నువ్వు సెప్పలేదేటి?"

"ఏమంటున్నారు?" అన్నాడు డాక్టరు.

అమ్మ అన్నది అన్నట్టుగా హిందీలో చెప్పాను. ఆ దినమే చెప్పిందని. నేను చెప్పలేదని.

డాక్టరు తిట్టలేదు. ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి కుడి ఊపిరితిత్తి పైభాగంలో నల్లటి గుంట చూపించాడు. పొగ మందును విరిచేయదు అన్నాడు. కానీ ఊపిరితిత్తికి క్రిమిని ఎదిరించే బలం తగ్గిస్తుంది, కఫాన్ని పైకి నెట్టే సన్నని రోమాలను చచ్చుపడేస్తుంది. క్రిములు పోవడం ఆలస్యమవుతుంది, గుంట పెద్దదవుతుంది. నయమయ్యాక కూడా రోగం తిరగబెట్టవచ్చు, ప్రాణానికే రావచ్చు. "మొదటిరోజే తెలిస్తే మొదటిరోజే మానమనేవాణ్ణి," అన్నాడు. మొదటి విడత మాత్రలు ఇంకో నెల పొడిగించాడు.

"ఇంట్లో ఇంకెవరైనా తాగుతారా?" అని సిస్టరు అడిగింది. నా జేబులో సిగరెట్టు పెట్టె ఉబ్బెత్తుగా కనబడుతూనే ఉంది.

దారిలో అమ్మ అంది: "నీది తెల్లది, నాది నల్లది. తెల్లదానికి సిగ్గు లేదు గావాల."

ఆ రోజే ఇద్దరం మానేశాం. నాకు వారం రోజులు చేతులు వణికాయి. అమ్మకైతే పదిహేను రోజులు నరకం. గిన్నెలు విసిరింది. నిద్ర పట్టక కూర్చునే ఉండేది. మధ్యాహ్నాలు క్వార్టర్ల ఆడవాళ్లు చుట్టలతో వస్తే లేచి కుళాయి దగ్గరికి వెళ్లిపోయేది. "రెండు దమ్ములకి సస్తావేటే?" అని వాళ్లు ఎగతాళి చేసేవారు. "ఆ రెండే నన్ను తినేసినాయి, పోండే," అనేది. సోంపు గింజలు నముల్తూ, నీళ్లు తాగుతూ నెట్టుకొచ్చింది. ఏ శాస్త్రమూ చదవని మనిషి, నలభై ఏళ్ల అలవాటును కారణం తెలియగానే వదిలేసింది. శాస్త్రం నూరిపోసే నేను, కారణం తెలిసీ నోరు మూసుకున్నాను.

మూడో నెల చివర కఫం శుభ్రంగా వచ్చింది. మాత్రలు పూర్తయ్యాక కార్డు మీద 'నయమైంది' అని రాశారు. క్రిమి పోయింది నిజమే. కానీ ఆ గుంట చుట్టూ ఊపిరితిత్తి ముడుచుకుపోయింది. పోయిన ఆ భాగం తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. యార్డు గేటు నుంచి క్వార్టరు దాకా రావడానికి అమ్మ మూడుచోట్ల కూర్చునేది. ఆలస్యమైన ఆ రెండు నెలల్లో ఎంత పోయిందని డాక్టరును ఒకసారి అడిగాను. అది ఎవరూ కొలిచి చెప్పలేరన్నాడు.

ఆ తర్వాత ఆసుపత్రిలో అమ్మ నన్ను తన తరఫున మాట్లాడనివ్వలేదు. సిస్టరు దగ్గర ఒక్క హిందీ వాక్యం నేర్చుకుంది. ఎవరు ఏం అడిగినా ముందు అది చెప్పేది: "చుట్టా ఛోడ్ దియా." చుట్ట మానేశానని.

నయమయ్యాక రెండో వానాకాలం ఆయాసం ముదిరి ఆసుపత్రిలో చేర్పించాం. మళ్లీ కొత్త డాక్టరు. కాగితం మీదికి వంగి, పొగ తాగుతారా అని నన్ను అడిగాడు. నేను జవాబు చెప్పేలోపు అమ్మ ఆక్సిజన్ ముసుగు పక్కకు లాగింది. నావైపు చూడలేదు. ఊపిరి అందక ఒక్కో మాటా విడివిడిగా, ఆ హిందీ వాక్యం తానే చెప్పుకుంది.

ముసుగు తిరిగి పెట్టింది సిస్టరు. మూడో రోజు అమ్మ పోయింది.